అమైడా, అమైనో ఎస్టరా? లేబుల్ లేని ఒక తెల్ల పొడి ఐఆర్ కేసు

జీడిమెట్లలోని ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ చూస్తుంటాను. ఆడిట్‌కు ముందు స్టోర్ సర్దుతున్నప్పుడు ఒక ర్యాక్ వెనకాల రెండు పొరల పాలిథీన్ సంచి దొరికింది. అందులో పావుకిలో దాకా తెల్లటి స్ఫటికాల పొడి ఉంది. లేబుల్ ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగిలింది. ఆ ర్యాక్‌లో ఏమేం పెట్టారో రిజిస్టర్‌లో చూస్తే దేనితోనూ సరిపోలలేదు. ఏమిటో తెలియని సరుకుని వ్యర్థాల కింద పంపడానికి కూడా వీల్లేదు, ఫారంలో పేరు రాయాలి. అందుకని మా దగ్గరికి వచ్చింది.

పేరు తెలియని పొడిని నేరుగా ఇన్‌ఫ్రారెడ్, అంటే ఐఆర్, యంత్రం మీద పెట్టకూడదు. ముందు ఫ్యూమ్ హుడ్‌లో గరిటె మొన మీద కొద్దిగా తీసుకుని మంటలో పెట్టాం. కరిగి, పసుపు మంటతో, బాగా మసి కక్కుతూ కాలింది. చివరికి గరిటె మీద బూడిదేమీ మిగల్లేదు. అంటే సేంద్రియ పదార్థమే, లోహ లవణం కాదు, మసిని బట్టి బెంజీన్ రింగ్ ఉండే అవకాశం ఎక్కువ. సోడియంతో కరిగించి చేసే లాసేన్ పరీక్షలో నైట్రోజన్ ఉందని వచ్చింది, సల్ఫర్, హాలోజన్లు లేవని వచ్చింది. ద్రవీభవన స్థానం కోసం కేశనాళికలో పెడితే రెండు డిగ్రీల లోపే మొత్తం కరిగిపోయింది. ఆ అంకె సంగతి తర్వాత చెబుతాను. ఇప్పటికి కావలసింది ఆ పదును. నెమ్మదిగా, పది డిగ్రీల మేర కరిగే పొడి అయితే అది మిశ్రమం కావచ్చు, మిశ్రమం స్పెక్ట్రమ్‌ని ఒకే పదార్థందిగా చదివితే దారి తప్పుతాం. ఇక్కడ ఆ భయం లేదు.

ఆమ్లంలో కరుగుతుందా, క్షారంలో కరుగుతుందా అన్న పరీక్షలు మామూలుగా ఈ దశలోనే చేస్తాం. ఈసారి కావాలనే వాటిని వెనక్కి నెట్టాను. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు ఉన్నాడు. స్పెక్ట్రమ్ ఒక్కదాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్లగలడో చూద్దామనుకున్నాను.

స్పెక్ట్రమ్ తీయడం

ముందుగా పాలిస్టైరీన్ ఫిల్మ్‌తో యంత్రాన్ని సరిచూశాం. దాని 1601 బ్యాండ్ (ఈ వ్యాసంలోని ఇలాంటి అంకెలన్నీ వేవ్‌నంబర్లు, cm⁻¹లో) ఉండాల్సిన చోటే ఉంది. ఇది తంతు కోసం చేసే పని కాదు. ఈ కేసులో పది, పదిహేను అంకెల తేడా మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. యంత్రమే పక్కకి జరిగి ఉంటే ఆ తీర్పుకి విలువ ఉండదు.

మొదటి స్పెక్ట్రమ్ ఏటీఆర్ మీద తీశాం. వజ్రం మీద చిటికెడు పొడి పెట్టి, పైనుంచి బిగించి, ముప్పై రెండు స్కాన్లు. నూరే పని లేదు, కలిపే పని లేదు. కానీ ఏటీఆర్‌కి ఒక స్వభావం ఉంది. కిరణం పొడిలోకి దూరే లోతు తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. 1000 దగ్గర సుమారు 2 మైక్రాన్లు దూరితే, 3400 దగ్గర అందులో మూడో వంతు కూడా దూరదు. అందుకే N–H, O–H, C–H బ్యాండ్లు ఉండే ఎడమ వైపంతా ఏటీఆర్‌లో పీలగా కనిపిస్తుంది. మా స్పెక్ట్రమ్‌లోనూ 3400 ప్రాంతంలో రెండు చిన్న సూదుల్లాంటివి ఉన్నాయి తప్ప ఒడ్డూ పొడవూ తెలియలేదు. మాకేమో అసలు ప్రశ్న అక్కడే ఉంది.

కాబట్టి పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ కూడా వేశాం. పొడి సుమారు 1 మిల్లీగ్రాము, ఓవెన్‌లో ఆరబెట్టిన KBr 200 మిల్లీగ్రాములు, అగేట్ కల్వంలో మెత్తగా నూరి ప్రెస్‌లో ఒత్తితే అద్దంలాంటి బిళ్ల వస్తుంది. ఇక్కడ రెండు రకాలుగా చెడుతుంది. నూరడం చాలకపోతే గింజలు కాంతిని చెదరగొడతాయి. బేస్‌లైన్ ఎడమ వైపుకి వాలిపోతుంది, పీకులు ఒక పక్కకి వంగి కనిపిస్తాయి. పొడి ఎక్కువైతే బలమైన బ్యాండ్లు అడుగుకి తగిలి చదునైపోతాయి, వాటి అసలు స్థానం ఎక్కడో చెప్పలేం. అన్నింటికంటే బలమైన బ్యాండ్ కూడా అడుగుకి కొంచెం పైనే, పదునైన మొనతో ఆగితే పెల్లెట్ బాగా కుదిరినట్టు.

మూడో ఇబ్బంది ఈ కేసుకి ప్రత్యేకంగా ముఖ్యమైంది. KBr గాల్లోని తేమని లాక్కుంటుంది. ఆ తేమ స్పెక్ట్రమ్‌లో 3440 చుట్టూ ఒక వెడల్పాటి గుంతగా, 1635 దగ్గర ఇంకో చిన్న గుంతగా కనిపిస్తుంది. నైట్రోజన్ ఉన్న పదార్థంలో N–H సాగే కంపనాలు, NH₂ వంగే కంపనం వెతికేది కూడా సరిగ్గా ఆ రెండు చోట్లే. వానాకాలంలో వేసిన పెల్లెట్‌లో 1635 బ్యాండ్ చూపించి ఎవరైనా “అమైన్ ఉంది” అంటే నేను వెంటనే ఒప్పుకోను. ఉత్త KBr బిళ్ల వేసి చూడాలి, లేదా ఏటీఆర్‌లో కూడా ఆ బ్యాండ్ ఉందేమో చూడాలి. ఏటీఆర్‌లో KBr ఉండదు కాబట్టి దాని తేమా ఉండదు. మా పొడికి 1636 బ్యాండ్ రెండింటిలోనూ బలంగా వచ్చింది. అది పొడిదే.

మొదటి చూపులో కనిపించింది

పెల్లెట్ స్పెక్ట్రమ్ ప్రింట్ తీసి ట్రైనీ ముందు పెట్టాను. నేను చదివే క్రమం ఒకటే. ముందు 1800–1650 మధ్య C=O ఉందా లేదా చూస్తాను. ఆ తర్వాత ఎడమ చివరకి వెళ్లి N–H, O–H చూస్తాను. ఆపైన 3000 గీతకి అటూ ఇటూ C–H ఎలా ఉందో చూస్తాను. 1500 కింద ఉన్న అడవిలోకి చివర్లో, అదీ ఒక ప్రశ్న పట్టుకునే వెళ్తాను. అక్కడ ప్రతి పీక్‌కీ పేరు పెట్టాలని కూర్చుంటే సాయంత్రమైపోతుంది, తేలేది ఏమీ ఉండదు.

C=O ఉంది. 1684 దగ్గర, చాలా బలంగా. దాని కుడి పక్కనే 1636, తర్వాత 1597, 1574, 1515. ఎడమ వైపు 3421, 3341 దగ్గర రెండు పదునైన బ్యాండ్లు, వాటి పక్కన 3221 దగ్గర ఇంకోటి, చిన్నది. 3000కి పైన అతి బలహీనంగా బెంజీన్ C–H. కింద 2985 మొదలు 2900 దాకా రెండు మూడు చిన్న పీకులు, అంటే మిథైల్, మిథిలీన్ లాంటివేవో ఉన్నాయి. 2500–2100 మధ్య ఖాళీ, నైట్రైల్ లేదు. 2349 దగ్గర ఒక బుడిపె ఉంది గానీ అది గదిలోని కార్బన్ డయాక్సైడ్, లెక్కలోకి రాదు.

ట్రైనీ రెండు నిమిషాలు చూసి అన్నాడు, “సార్, ప్రైమరీ అమైడ్. ఎడమ పక్క జంట ఉంది, 1684 అమైడ్ C=O, 1636 NH₂ వంగడం.”

కొట్టిపారేసే మాట కాదది. పాఠంలో ప్రైమరీ అమైడ్‌కి ఇచ్చే వర్ణన ఇదే. C=O 1690–1650 మధ్య, దాని పక్కనే 1650–1620 మధ్య NH₂ బ్యాండ్, పైన N–H జంట. బెంజీన్ రింగ్ ఉంది, నైట్రోజన్ ఉంది. పైగా 3221 దగ్గరి చిన్న బ్యాండ్ కూడా అమైడ్‌కే సాక్ష్యం చెబుతున్నట్టు ఉంది, అమైడ్ జంటలో రెండోది ఆ చుట్టుపక్కలే వస్తుంది కాబట్టి.

“మరి C=O పక్కన అమైన్ విడిగా ఉంటే ఎలా కనిపిస్తుంది?” అని అడిగాను.

“అప్పుడు C=O ఇంత కిందకి రాదు కదా సార్?”

“ఏ C=O అయితే?”

ఆ ప్రశ్న దగ్గర ఆగాడు. కేసంతా అక్కడే ఉంది. C=Oకి నేరుగా తగులుకున్న NH₂ అయితే అమైడ్. రింగ్‌కి ఒక చివర NH₂, ఇంకో చివర C=O అయితే అది అమైన్, ఆ C=O ఎస్టర్‌దో కీటోన్‌దో ఆమ్లానిదో తేల్చాలి. రెండింటి స్పెక్ట్రమ్‌లూ పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి.

జంట మధ్య దూరం

NH₂లో రెండు N–H బంధాలు ఒకే లయలో సాగితే ఒక బ్యాండ్, ఒకటి సాగేటప్పుడు ఇంకోటి కుంచించుకుంటే ఇంకో బ్యాండ్. మొదటిది సిమ్మెట్రిక్, రెండోది అసిమ్మెట్రిక్, ఇది ఎప్పుడూ పైన ఉంటుంది. రెండు N–H బంధాలూ ఒకే పరిస్థితిలో ఉన్నంత కాలం ఈ రెండు అంకెలకీ ఒక కట్టుబాటు ఉంటుంది. బెల్లమీ, విలియమ్స్ 1957లో ప్రైమరీ అమైన్లను పరిశీలించి దాన్ని ఒక సరళ సమీకరణంగా ఇచ్చారు.

```
νs = 345.5 + 0.876 × νas
```

మా పొడికి వేసి చూద్దాం. అసిమ్మెట్రిక్ 3421.

```
345.5 + 0.876 × 3421 = 3342
```

మాకు దొరికింది 3341. ఇంత దగ్గరగా రావడం ఊరికే జరగదు.

ఇప్పుడు అసలైన ప్రైమరీ అమైడ్‌ని తీసుకుందాం. మా షెల్ఫ్‌లో ఉన్న బెంజమైడ్‌ని ఘన రూపంలో తీస్తే జంట 3370, 3170 దగ్గర వస్తుంది. 3370ని సమీకరణంలో వేస్తే రెండోది 3298 దగ్గర ఉండాలి. అసలు బ్యాండ్ అక్కడికి నూటపాతిక కంటే కిందే ఉంది. కారణం తేలికే. ఘన అమైడ్‌లో అణువులు హైడ్రోజన్ బంధాలతో గట్టిగా అల్లుకుని ఉంటాయి, NH₂లోని రెండు హైడ్రోజన్లూ ఒకే రకమైన చోట చిక్కుకోవు. రెండూ సమానం అన్న షరతు చెడింది కాబట్టి సమీకరణం పనిచేయదు. అందుకే అమైడ్ జంట మధ్య దూరం 180–200 దాకా పోతుంది, ఆరోమాటిక్ అమైన్‌లో అది 80–100 దగ్గరే ఆగుతుంది. మా పొడిలో తేడా 80.

మరి 3221? అది మూడో N–H కాదు. 1636 దగ్గరి వంగే కంపనానికి రెట్టింపు, అంటే ఓవర్‌టోన్, 3272 చుట్టూ పడాలి. ఓవర్‌టోన్లు లెక్కకన్నా కొంచెం కిందే వస్తాయి, పక్కన బలమైన N–H ఉంటే దాని నుంచి కొంత బలాన్ని అరువు తెచ్చుకుంటాయి కూడా. ఘన ప్రైమరీ అమైన్ల స్పెక్ట్రమ్‌లో ఈ మూడోది తరచుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు 3421ని వదిలేసి 3341, 3221 రెండింటినీ జంటగా పట్టుకుంటారు, వెంటనే అమైడ్‌లో పడిపోతారు. బలం చూసి జత కట్టాలి.

ఇంకో చిన్న సాక్ష్యం లేకపోవడం రూపంలో ఉంది. బెంజమైడ్‌లో 1400 దగ్గర C–N సాగే బ్యాండ్ బలంగా ఉంటుంది. మా పొడిలో అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఎవరి C=O?

అమైన్ అని తేలాక 1684 యజమాని ఎవరో చూడాలి. ఆమ్లాన్ని మొదట తీసేయొచ్చు. కార్బాక్సిలిక్ ఆమ్లం ఉంటే 3300 నుంచి 2500 దాకా O–H తాలూకు వెడల్పాటి దిబ్బ పరుచుకుని, C–H పీకులు దాని మీద మొటిమల్లా నిలబడతాయి. పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లంలో ఆ దిబ్బ స్పష్టంగా కనిపిస్తుంది. మా దాంట్లో 2800 దాటాక గీత సాఫీగా పోయింది.

కీటోన్, ఎస్టర్ మిగిలాయి. 1684 అనగానే ఎవరైనా కంజుగేటెడ్ కీటోన్ అంటారు. అసెటోఫినోన్ C=O దాదాపు అక్కడే వస్తుంది. కానీ ఈ అణువులో అమైన్ ఉందని ఇప్పటికే తేలింది. అమైన్ నైట్రోజన్ మీదున్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట రింగ్ గుండా C=O వైపు తోసుకుంటూ వెళ్తుంది, C=O బంధం కొంచెం సడలుతుంది, దాని సంఖ్య దిగుతుంది. పారా స్థానంలో NH₂ ఉన్న అసెటోఫినోన్‌లో C=O 1650 చుట్టుపక్కలకి దిగిపోతుంది. ఇదే తగ్గింపు ఎస్టర్‌కి వేస్తే? మామూలు ఎస్టర్ 1740 దగ్గర మొదలవుతుంది. బెంజీన్ రింగ్ తగిలితే 1720కి వస్తుంది. పారా అమైన్ తోయడంతో ఇంకా దిగుతుంది. ఘన స్థితిలో పక్క అణువు NH₂ వచ్చి C=O ఆక్సిజన్‌ని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటే మరికొంత దిగుతుంది. 1684 అలా వస్తుంది. C=O అంకెని పట్టికలో వెతికి వచ్చిన మొదటి పేరు రాసేయడం కన్నా, ఆ అంకె అక్కడికి ఏ మెట్లు దిగి వచ్చిందో లెక్కగట్టడం నయం.

ఎస్టర్ అయితే C–O బంధాలు కూడా గట్టిగా మాట్లాడాలి. మా స్పెక్ట్రమ్ మొత్తంలో C=Oకి పోటీ వచ్చే బ్యాండ్ 1281. ఆరోమాటిక్ ఎస్టర్‌లో C=O పక్కనున్న C–O 1310–1250 మధ్య పడుతుంది, ఆక్సిజన్‌కి అవతలి వైపు C–O 1130–1100 మధ్య పడుతుంది. మాకు 1127 ఉంది. ఇక్కడ కాస్త జాగ్రత్త. 1281 ఒక్కటే ఉంటే నేను ఎస్టర్ అని రాసేవాణ్ని కాదు, ఎందుకంటే ఆరోమాటిక్ అమైన్ C–N, ఆరైల్ కీటోన్ బ్యాండ్ కూడా ఆ ప్రాంతంలోనే తిరుగుతుంటాయి. C–N ఇక్కడ 1311గా విడిగా కనిపిస్తోంది. 1172 దగ్గర ఇంకో బలమైన బ్యాండ్ ఉంది, దాన్ని కొందరు ఎస్టర్ ఖాతాలోనే వేస్తారు. రింగ్ C–H తలంలో ఊగే కంపనం కూడా అక్కడే పడుతుంది గనుక దాని మీద నేను బరువు పెట్టను. C=O, 1281, 1127 మూడూ కలిసి బలంగా ఉండటం చూసే ఎస్టర్ అన్నాను.

రింగ్ దగ్గర ఒక ఉచ్చు

ఇప్పటికి రింగ్, అమైన్, ఎస్టర్ మూడూ ఉన్నాయి. ఏ స్థానాల్లో ఉన్నాయో చూడటానికి అందరూ 900–690 మధ్యకి వెళ్తారు. రింగ్ C–H తలం బయటకి ఊగే బ్యాండ్లు అక్కడ ఉంటాయి, పక్కపక్కన ఎన్ని హైడ్రోజన్లు ఉన్నాయో అవి చెబుతాయి. పారా అయితే 860–800 మధ్య ఒక బలమైన బ్యాండ్. ఒకే ప్రత్యామ్నాయం ఉన్న రింగ్ అయితే 770–730 మధ్య ఒకటి, 710–690 మధ్య ఇంకోటి.

మా పొడిలో బలంగా ఉన్నవి 772, 701. ఇవి ఒకే ప్రత్యామ్నాయం ఉన్న రింగ్ లెక్కకి దాదాపు సరిపోతాయి. ట్రైనీ ముఖం వెలిగింది. “సార్, అయితే బెంజమైడ్ లాంటిదే కదా?”

846 దగ్గర మధ్యస్థంగా ఉన్న బ్యాండ్ చూపించాను. పారాది అదే. మరి 772, 701 ఎందుకు బలంగా ఉన్నాయంటే, రింగ్‌కి C=O, నైట్రో లాంటి ధ్రువ సమూహం నేరుగా తగిలినప్పుడు ఈ ప్రాంతపు సూత్రాలు నమ్మకం లేకుండా పోతాయి. C=O సమూహం తాలూకు ఊగుడు రింగ్ C–H ఊగుడుతో కలిసిపోయి, కొత్త చోట్ల బలమైన బ్యాండ్లు పుట్టిస్తుంది. బెంజోయేట్ ఎస్టర్లన్నిటిలో ఇదే బాధ. అల్కైల్ గొలుసు మాత్రమే ఉన్న రింగ్‌కి ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది, టోలీన్, జైలీన్‌ల మీద నేర్చుకున్నవాళ్లకి దాని మీద కొంచెం ఎక్కువ నమ్మకమే ఉంటుంది. బెంజోయేట్ విషయంలో స్థానాన్ని ఐఆర్‌తో తేల్చకండి, వేరే దారి వెతకండి.

ఇక్కడ ఆ దారి చాలా చవకగా దొరికింది. C–H పీకులు చూస్తే ఎస్టర్ గొలుసు చిన్నది. చిన్న గొలుసుల్లో మొదట గుర్తొచ్చేవి మిథైల్, ఇథైల్. ఇథైల్ అయితే ఆర్థో స్థానపు అమైన్ ఎస్టర్ గది ఉష్ణోగ్రతలో ద్రవం, మెటా కూడా ద్రవమే. పారా ఒక్కటే ఘనం. మా చేతిలో ఉన్నది పొడి. మిథైలా ఇథైలా అన్నది C–H పీకులని బట్టి చెప్పడం కష్టం, వరుసలో పక్కపక్క సభ్యుల మధ్య ఐఆర్ తేడా చాలా తక్కువ. ఇప్పుడు కేశనాళిక అంకె బయటకి తీశాం. 89 నుంచి 91 డిగ్రీల సెల్సియస్. పారా మిథైల్ ఎస్టర్ 110 పైన కరుగుతుంది, ప్రొపైల్ ఎస్టర్ 75 లోపే కరుగుతుంది. ఇథైల్ ఎస్టర్ 88–92 మధ్య. ఇథైల్ 4-అమైనోబెంజోయేట్, అంటే బెంజోకైన్. నోటి పూతలకి రాసే జెల్‌లలో, గొంతు నొప్పి లోజెంజ్‌లలో తిమ్మిరి తెప్పించడానికి వాడే పదార్థం.

నిజమేనా?

పేరు దొరికాక దాన్ని పడగొట్టడానికి ప్రయత్నించాలి. ముందు వెనక్కి నెట్టిన పరీక్షలు చేశాం. పొడి నీళ్లలో దాదాపు కరగలేదు, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సులువుగా కరిగింది, సోడా వేస్తే తెల్లగా తిరిగి బయటపడింది. అమైడ్ అయితే పలుచని ఆమ్లంలో ఇలా కరగదు. మంచు నీళ్లలో పెట్టి సోడియం నైట్రైట్ చుక్కలు వేసి, క్షార బీటా-నాఫ్తాల్‌లో పోస్తే నారింజ ఎరుపు రంగు వచ్చింది. ఆరోమాటిక్ ప్రైమరీ అమైన్‌కి ఇది పాత పరీక్షే, కానీ అమైడ్‌కి రాదు.

నాకు బాగా నచ్చిన పరీక్ష మాత్రం మళ్లీ ఐఆర్ మీదే చేశాం. 1684కి ఎస్టర్ దిగడానికి కారణం అమైన్ ఒంటరి జంట అని చెప్పాను కదా. ఆ జంటని లాక్కుంటే C=O మళ్లీ పైకి ఎక్కాలి. పొడిని ఈథర్‌లో కరిగించి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే తెల్లటి హైడ్రోక్లోరైడ్ లవణం దిగింది. వడకట్టి, ఈథర్‌తో కడిగి, ఆరబెట్టి స్పెక్ట్రమ్ తీశాం. 3421, 3341 జంట మాయమైంది. వాటి బదులు 3000 నుంచి 2500 దాకా గడ్డలు గడ్డలుగా వెడల్పాటి అమ్మోనియం బ్యాండ్ వచ్చింది. C=O 1715–1720 మధ్యకి ఎక్కి కూర్చుంది, మామూలు బెంజోయేట్ ఎస్టర్ ఉండే చోటికి. అమైడ్ అయితే ఇలా జరగదు. ఒకే ప్రయోగంలో అమైన్ ఉనికీ, ఎస్టర్ ఉనికీ, ఆ రెంటికీ రింగ్ గుండా ఉన్న లంకె కూడా తేలాయి.

ఈ లవణానికి KBr వాడకూడదు. నూరేటప్పుడు, ఒత్తేటప్పుడు లవణంలోని క్లోరైడ్, KBr లోని బ్రోమైడ్ చోట్లు మార్చుకుంటాయి, అప్పుడు కనిపించేది హైడ్రోక్లోరైడ్ స్పెక్ట్రమ్ కాదు, సగం హైడ్రోబ్రోమైడ్. అమైన్ హైడ్రోక్లోరైడ్‌లకి పొటాషియం క్లోరైడ్ పెల్లెట్ వేస్తారు. మేం ఏటీఆర్ మీద తీశాం, ఆ గొడవే లేదు. ఇక్కడ ఏటీఆర్ బలహీనత కూడా అడ్డు రాలేదు, చూడాల్సింది 1700 ప్రాంతం కాబట్టి.

చివరిగా బెంజోకైన్ రిఫరెన్స్ స్టాండర్డ్ తెప్పించి, అదే రోజు, అదే KBr సీసాతో, అదే సెట్టింగుల్లో పెల్లెట్ వేసి రెండు స్పెక్ట్రమ్‌లూ ఒకదాని మీద ఒకటి పరిచాం. 1500 కింద ఉన్న వేలిముద్ర ప్రాంతానికి అసలు పని ఇప్పుడే. అక్కడి ఒక్కో పీక్‌కి పేరు పెట్టలేకపోయినా, రెండు నమూనాల్లో అన్నీ ఒకే చోట, ఒకే వరుస బలంతో ఉన్నాయా అని చూడొచ్చు. ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ లైబ్రరీ సెర్చ్ కూడా ఇదే పేరు మొదట చూపింది. కానీ లైబ్రరీ ఇచ్చే మార్కుని నేను ఆఖర్లోనే చూస్తాను. వరుసలో తర్వాతి సభ్యుడైన ప్రొపైల్ ఎస్టర్‌కి కూడా సెర్చ్ పెద్ద మార్కే ఇచ్చింది. మిథైల్, ఇథైల్, ప్రొపైల్‌ల మధ్య తీర్పు చెప్పింది ద్రవీభవన స్థానం, స్టాండర్డ్‌తో పోలిక. పొడిని, స్టాండర్డ్‌ని సమానంగా కలిపి కరిగించినా అంకె దిగలేదు. పొడి వేరే పదార్థం అయి ఉంటే దిగేది.

రిపోర్టులో గుర్తింపు “బెంజోకైన్‌తో సరిపోతుంది” అని రాశాం. స్వచ్ఛత గడిలో ఏమీ రాయలేదు. ట్రైనీ ఎందుకని అడిగాడు. స్పెక్ట్రమ్‌లో అదనపు పీక్ ఒక్కటీ లేదు కదా, ద్రవీభవన స్థానం కూడా పదునుగా ఉంది కదా అన్నాడు. అప్పుడు తూచిన పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లాన్ని స్టాండర్డ్ బెంజోకైన్‌లో నూటికి రెండు పాళ్లు కలిపి పెల్లెట్ వేయించాను. ఎస్టర్ తేమతో తెగితే మిగిలే ఆమ్లం అదే, పాత సంచిలో దొరికే అవకాశం ఉన్న మలినమూ అదే. రెండు స్పెక్ట్రమ్‌లూ పక్కపక్కన పెడితే ఆమ్లం కలిసింది ఏదో అతను చెప్పలేకపోయాడు. ఆమ్లపు O–H దిబ్బ అంత తక్కువ మోతాదులో బేస్‌లైన్‌లో కలిసిపోతుంది, దాని C=O, 1684 నీడలో దాక్కుంటుంది, NH₂ ఎటూ ఇద్దరికీ ఉమ్మడిదే. అదే మిశ్రమాన్ని సిలికా ప్లేట్ మీద టీఎల్‌సీ నడిపితే యూవీ దీపం కింద రెండు మచ్చలు విడివిడిగా కనిపించాయి. మా సంచిలోని పొడికి కూడా టీఎల్‌సీ నడిపాం. మొదలు దగ్గర, ఆమ్లం ఉండే ఎత్తులో, సన్నటి రెండో మచ్చ ఒకటి కనిపించింది. అది ఎంత శాతమో హెచ్‌పీఎల్‌సీ చెప్పాలి. ఆ శాంపిల్‌ని పక్క గదికి పంపించాం.